వాన నీళ్ళకి రాగి పైపు

మా అన్నయ్యకి ప్లాస్టిక్ అంటే అసహ్యం. కుర్చీ ప్లాస్టిక్‌దైతే కూర్చోడు, ప్లాస్టిక్ ప్లేటులో పెడితే తినడు. ముప్ఫై ఏళ్ళు ఓడల ఇంజన్ రూములో పనిచేసి రిటైరయ్యాడు. ఇనుము, ఇత్తడి, రాగి తప్ప దేవుడు మరే వస్తువూ చెయ్యలేదన్నట్టు మాట్లాడతాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి మీదో చివరికి మీకే తెలుస్తుంది.

సముద్రం మధ్య మా దీవిలో, జంగ్లీఘాట్‌లో మా నాన్న కట్టిన ఇంట్లో నేనుంటాను. అన్నయ్య అదే ఊళ్ళో గోల్ ఘర్‌లో వేరే కాపురం. అన్నయ్య వేరు కాపురం పెట్టి ఇరవై ఏళ్ళయినా ఈ ఇంట్లో మేకు కొట్టాలన్నా ఆయన వచ్చి చూడాలి. పెద్దవాడు కదా అని నేనూ అలవాటు పడ్డాను. మా ఆయన పోయాక ఆ అలవాటు ఇంకా ముదిరింది.

ఆ ఏడు చలికాలంలో వంటింటి కుళాయి సన్నగిల్లింది. బిందె నిండాలంటే వంట సగం అయిపోయేది. వచ్చే నీళ్ళు కూడా పొద్దున్నే ఎర్రగా, టీ డికాక్షన్‌లా ఉండేవి. మా అమ్మాయికి ఏడో నెల. చెన్నై నుంచి పురిటికి వస్తోంది. పసిబిడ్డ వచ్చే ఇంట్లో ఈ తుప్పు నీళ్ళేమిటని ప్లంబర్‌ని పిలిచాను.

ప్లంబర్ మా తెలుగువాడే. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు, ఇతను ఇక్కడే పుట్టాడు. తెలుగు మాట్లాడతాడు గాని అక్షరాలు రావు, లెక్కలన్నీ హిందీలో రాసుకుంటాడు. గోడ పగలగొట్టి నాన్న వేయించిన జీఐ పైపు, అంటే జింకు పూత పూసిన ఇనప పైపు, మూరెడు ముక్క కోసి నా ముందు పెట్టాడు.

"దేఖో దీదీ," అన్నాడు. "పైన చూస్తే పైపే. లోపల చూడండి."

లోపల తుప్పు గడ్డలు గడ్డలుగా పేరుకుపోయి పెన్సిలు దూరేంత సందు మిగిలింది.

"జింకు పూత ఉన్నన్నాళ్ళే దీనికి ఆయుష్షు. పూత అయిపోతే జంగ్, అదే తుప్పు, పట్టేస్తాది. పైన సముద్రం గాలి, లోపల ఉప్పులు లేని మన మెత్త నీళ్ళు. రెండు వైపులా తినేస్తాయి. పాత జీఐ పూతలో సీసం కూడా కొంచెం ఉండేది అంటారు. చిన్నపిల్లలుండే ఇంటికి మళ్ళీ జీఐ నేను వెయ్యను దీదీ."

"మరి ఏం వేస్తావు?"

"సీపీవీసీ. మంచి నీళ్ళ కోసం చేసిన ప్లాస్టిక్ పైపు. ఐఎస్ఐ ముద్ర చూసి తెస్తాను. అవతల చౌల్దారీ వైపు తోటలకి వేసే సస్తా పైపు కాదు, అది తాగే నీళ్ళకి పనికిరాదు. ఇది ఎండలో పెడితే పెళుసెక్కిపోతాది, అందుకే మేడ మీద ముక్కలకి రంగు వేస్తాను, మిగతాది గోడలో పోతాది. అతికించాక ఒక రోజు ఆరాలి, తరవాత రెండు మూడు బకెట్లు నీళ్ళు పారబోయాలి, జిగురు వాసన పోవాలి కదా. అంతే. తుప్పు లేదు, ఉప్పు గాలి భయం లేదు. జీఐ, రాగి, ఇది, మూడింటిలో ఇదే సస్తా, చవక."

నాకు నచ్చింది. సరే అనెయ్యవలసింది. అన్నయ్యకి ఒక మాట చెప్పి చేద్దామన్నాను.

అన్నయ్య మర్నాడే వచ్చాడు. వరండాలో ప్లంబర్ నిలబడే ఉన్నాడు, ఆయన చెక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ప్లాస్టిక్ పైపుల్లో నీళ్ళు తాగితే కేన్సర్ వస్తాది. నా ఫోన్లో వచ్చింది," అన్నాడు.

"సాబ్, అది పాత పీవీసీ మాట. అప్పట్లో సీసం కలిపేవారు. ఇప్పుడు మంచి నీళ్ళకి సీసం లేనివే వస్తన్నాయి," అన్నాడు ప్లంబర్.

"నాకు చెప్పకు. ఓడలో రాగి పైపులు చూశాను నేను. నలభై ఏళ్ళ ఓడలో కూడా పైపు చెక్కు చెదరలేదు. రాగిలో పురుగు బతకదు. మా నాయనమ్మ రాగి చెంబులో నీళ్ళు తాగి తొంభై ఏళ్ళు బతికింది. ఖర్చు నాది. రాగి వేయిస్తాను."

ప్లాస్టిక్‌కి అయ్యే డబ్బుతో అంత పొడుగు రాగిలో నాలుగో వంతు కూడా రాదని ప్లంబర్ చెప్పాడు. అన్నయ్య లెక్కచెయ్యలేదు. ఇక్కడ రాగి పైపులు దొరకవు, చెన్నై నుంచి ఓడలో రావాలి. ఓడంటే ఆయన పుట్టిల్లు కదా, అదీ ఆయనకి సంబరమే.

అప్పుడు ప్లంబర్ అన్న మాట ఇప్పుడైతే నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"సాబ్, రాగి మంచిదే. నేను కాదనను. మున్సిపాలిటీ నీళ్ళకైతే వేసుకోండి. కానీ వాన నీళ్ళు దాన్లోకి వదలకండి. వాన నీళ్ళు మెత్త నీళ్ళు, కొంచెం పులుపు. రాగిని కొరికేస్తాయి. గట్టి నీళ్ళైతే లోపల పొర కట్టి పైపుని కాపాడతాయి, వాన నీళ్ళకి ఆ గుణం లేదు. నేనొక రిసార్ట్‌లో పని చేశాను, వాన నీళ్ళ ట్యాంకుకి రాగి లైను వేశారు. సింకులన్నీ పచ్చగా అయిపోయాయి. పైపులో రాత్రంతా నిలిచిన నీళ్ళు ఇంకా ఖరాబ్. ఓడలో రాగిది వేరే లెక్క సాబ్, అందులో చాలా వాటిలో పోయేది నూనె, గాలి."

"నాకు ఓడ గురించి నువ్వు చెప్తావా?" అన్నాడు అన్నయ్య.

ప్లంబర్ పనిముట్లు సంచిలో వేసుకున్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు, మా ఇంట్లో మాత్రం చెప్పేవాడే లోకువ. నేను స్తంభం పక్కన నిలబడి అంతా విన్నాను.

ఒక్క న్యాయం చెప్పాలి. అన్నయ్య పని శుభ్రంగా చేశాడు. ఓడలో తనతో పనిచేసిన ఆయన్ని తెచ్చి, సీసం లేని టంకమే అని పట్టుపట్టి, అతుకులన్నీ దగ్గరుండి పెట్టించాడు. వంటింటి గోడ మీద ఎర్రగా మెరుస్తున్న పైపులు గోడలో దాచడానికి కూడా ఆయనకి మనసొప్పలేదు, బయటికే ఉంచాడు. బాత్రూము దగ్గర మాత్రం రాగి చాలక, మంచిగా కనిపించిన పాత జీఐ ముక్క ఒకటి చివర అలాగే వదిలేశాడు.

ఇంటికి ప్రార్థన పెట్టించాం. పాస్టరుగారు వచ్చారు, సంఘం వాళ్ళు వచ్చారు, తెలుగు కీర్తనలు పాడారు. అందరూ కుళాయి తిప్పి నీళ్ళు తాగారు. వంటింట్లో పొద్దుటి నుంచి కుళాయి ఆపకుండా వాడుతూనే ఉన్నాం, అవి మున్సిపాలిటీ నీళ్ళు, ఏ రుచీ తేడా లేదు. "కొబ్బరి నీళ్ళలా ఉన్నాయి" అన్నారొకరు. అన్నయ్య ముఖం చూడాలి. ఆ రోజు నాకూ గర్వంగానే ఉందని ఒప్పుకుంటాను.

ఏప్రిల్లో మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. పాలు సరిగ్గా పడలేదు. డాక్టరుగారే పొడి పాలు రాశారు. మే ఆఖరుకి వానలు మొదలయ్యాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్ళో మున్సిపాలిటీ నీళ్ళు రోజూ రావు. అందుకే మేడ పైన వేసిన రేకుల కప్పు మీద పడిన వానని గొట్టాలతో ట్యాంకులోకి తిప్పుకుంటాం. మొదటి రెండు మూడు వానలు కప్పు కడిగాక వదిలేసి, ఆ తరవాతవి పట్టుకుంటాం. వంటింటికి వాన నీళ్ళే పోవాలన్నది మా నాన్న పెట్టిన నియమం. "ఆకాశం నుంచి వచ్చిన నీళ్ళలో మురికి లేదు" అనేవాడాయన. మేడ మీద వాల్వు ఒకటుంది. వానలు వచ్చాక దాన్ని వాన నీళ్ళ ట్యాంకు వైపు తిప్పుతాం, వానలు వెనకబట్టాక మళ్ళీ మున్సిపాలిటీ నీళ్ళ వైపు తిప్పుతాం. నా చిన్నప్పటి నుంచి ఆ పని మా ఇంట్లో పండగలాంటిది.

జూన్ రెండో వారం నుంచి ఒక్కొక్కటీ మొదలైంది. పొద్దుటి టీ వగరుగా, నోట్లో నాణెం పెట్టుకున్నట్టుగా అనిపించింది. టీ పొడి బాగులేదని వేరే షాపులో కొన్నాను. బాత్రూములో ఆ పాత జీఐ ముక్కకి సన్నటి చిల్లు పడి కారింది. ప్లంబర్ వచ్చి చూసి, "రాగి మీదుగా వచ్చిన నీళ్ళు జీఐని తినేస్తాయి దీదీ. రెండూ ఒకే లైన్లో పెట్టకూడదు," అని ప్లాస్టిక్ ముక్క వేసి వెళ్ళాడు. వెళ్తూ వంటింటి సింకు వైపు ఒకసారి చూశాడు. ఒకసారి అవమానపడ్డ మనిషి రెండోసారి ఎందుకు చెబుతాడు?

వంటింటి కుళాయి కింద తెల్ల సింకు మీద నీలిపచ్చ మరక వచ్చింది. తోమితే పోయేది, మళ్ళీ వచ్చేది. పాపకి వాడే తెల్ల గుడ్డలకి కూడా పచ్చ ఛాయ పట్టింది. సబ్బు పొడి నాసిరకమని దాన్నీ మార్చాను. ఇన్ని మార్చినదాన్ని నీళ్ళని మాత్రం అనుమానించలేదు.

పాప కక్కడం మొదలుపెట్టింది. సీసా పట్టిన కాసేపటికి, ముఖ్యంగా పొద్దుటి సీసాకి. మొదట్లో మామూలే అన్నారు అందరూ. తరవాత విరేచనాలు. కాళ్ళు ముడుచుకుని ఏడ్చేది. మా అమ్మాయి పాపని భుజాన వేసుకుని రోజంతా తిరిగేది, తన ముఖంలో నెత్తురు చుక్క ఉండేది కాదు.

నేనేం చేశానో చెప్తాను. నేను అయిదింటికే లేస్తాను. రాత్రంతా పైపులో నిలిచిన నీళ్ళతో గిన్నె నింపి పొయ్యి మీద పెట్టేదాన్ని. పాపకి బాగులేదు కనక నీళ్ళలో పురుగుందేమోనని ఇంకాసేపు మరిగించేదాన్ని. పావుగంట, తరవాత అరగంట. నీళ్ళు సగానికి ఇగిరిపోయేవి. మరిగిస్తే పురుగు చస్తుంది గాని రాగి ఎక్కడికీ పోదు. నీళ్ళు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. శ్రద్ధగా, ప్రార్థన చేసుకుంటూ, ఆ చిక్కబడ్డ నీళ్ళలో పాలపొడి కలిపి మనవరాలి నోటికి నేనే అందించాను.

మందులు మార్చి మార్చి చివరికి ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ అడిగింది, "ఆంటీ, పాలు ఏ నీళ్ళతో కలుపుతున్నారు? ఇంట్లో పైపులు ఏవి?" రాగి అన్నాను. వాన నీళ్ళా అంది. అవునన్నాను. నాలుగు రోజులు సీసాలో కొన్న నీళ్ళతో కలిపి చూడమని, పైపు నీళ్ళు పరీక్షకి ఇవ్వమని చెప్పింది. పొద్దున్న కుళాయి తిప్పగానే వచ్చే నీళ్ళు ఒక సీసా, కాసేపు వదిలాక మరో సీసా పట్టమంది.

కొన్న నీళ్ళు పట్టిన మూడో రోజుకి పాప కక్కడం ఆగింది. ఆ రోజు మధ్యాహ్నం పాప నిద్రపోతే, మా అమ్మాయి గోడకి తల ఆనించి గట్టిగా ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అన్నయ్య కళ్ళ ముందుంటే కుళాయి పీకి చేతిలో పెట్టేదాన్ని.

రిపోర్టు వచ్చింది. రెండో సీసాలో రాగి హద్దులోనే ఉంది. మొదటి సీసాలో ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ. నీళ్ళలో పులుపు కూడా రాశారు. ప్లంబర్ వరండాలో నిలబడి చెప్పిన మాటలే, ముద్ర కొట్టిన కాగితం మీద.

అన్నయ్యకి ఫోన్ చేసి రమ్మన్నాను. మర్నాడు ఆరున్నరకే వచ్చాడు. రిపోర్టు చదివి బల్ల మీద పెట్టాడు.

"ల్యాబ్ వాళ్ళు కడగని సీసా ఇచ్చుంటారు," అన్నాడు. "రాగి నీళ్ళతో ఎవరికీ ఏమీ అవ్వదు."

ముందు రోజు రాత్రి నుంచి వంటింటి కుళాయి నేను ముట్టలేదు. స్టీలు గ్లాసు తీసుకెళ్ళి మొదటి నీళ్ళు నింపి తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"తాగు," అన్నాను.

"ఏమిటి నీ ధోరణి?"

"తాగు అన్నయ్యా. నెల రోజులు పాప ఇవే తాగింది. మూడు నెలల పిల్ల. నువ్వు అరవై దాటినోడివి. ఒక్క గ్లాసు తాగు."

నా జన్మలో ఆయనతో అంత గొంతు పెట్టి మాట్లాడలేదు. ఆయన గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు. ముఖం చిట్లింది. మింగాడు. గ్లాసు కింద పెట్టేసి వంటింటి గోడ మీద ఆ పైపుల వైపు చూశాడు.

నేను ఆగలేదు. ప్లంబర్ చెప్పాడా లేదా అన్నాను. వినిపించుకున్నావా అన్నాను. నీ ఓడ, నీ రాగి, నీ పెద్దరికం, అన్నీ కలిపి పసిపిల్ల కడుపులో పోశావన్నాను. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషివి, నీకు నోరు తప్ప చెవులు లేవన్నాను. లోపల గదిలో మా అమ్మాయి మేలుకునే ఉందని తెలుసు, తనకి వినబడాలనే అరిచాను.

అంతా అయ్యాక అన్నయ్య మెల్లిగా అన్నాడు, "ప్లంబర్ చెప్పాడు. నేను విన్లేదు. తప్పు నాదే." రిపోర్టు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "వాన నీళ్ళు వదలొద్దు అన్నాడు కదమ్మా వాడు. నువ్వూ అక్కడే ఉన్నావు. మేడ మీద వాల్వు ఎవరు తిప్పారు?"

ఆయన దెప్పడానికి అనలేదు. నిజంగానే అడిగాడు.

నేనే తిప్పాను. జూన్ మొదటి వారంలో, చీర కొంగు నడుముకి దోపుకుని, మేడ ఎక్కి, నాన్నని తలుచుకుంటూ తిప్పాను. కిందకి వచ్చి పాపతో, "ముత్తాత నీళ్ళు వస్తున్నాయి బంగారం" అని కూడా అన్నాను. ప్లంబర్ మాట అన్నయ్య వినలేదు గాని నేను విన్నాను. ఓడ గురించి వాళ్ళ తగువే గుర్తు పెట్టుకుని అసలు మాట వదిలేశాను. ఏటా తిప్పే వాల్వు కదా అని చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

గ్లాసులో మిగిలిన నీళ్ళు సింకులో పారబోసి వెనక్కి తిరిగాను. గుమ్మం దగ్గర మా అమ్మాయి పాపని ఎత్తుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు.

ఆ రోజే మేడ ఎక్కి వాల్వు మున్సిపాలిటీ నీళ్ళ వైపు వెనక్కి తిప్పేశాను. ఆ వారంలోనే ప్లంబర్ వచ్చి రాగి అంతా విప్పి సీపీవీసీ వేశాడు. అన్నయ్యే అతని ఇంటికి వెళ్ళి పిలిచాడు. ఏం మాట్లాడాడో ఇద్దరూ చెప్పలేదు. పని జరిగినంతసేపూ అన్నయ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, అతను అడిగిన పనిముట్టు అందించాడు. అతుకులు ఒక రోజు ఆరాయి. బకెట్ల కొద్దీ నీళ్ళు పారబోశాం. మళ్ళీ పరీక్షకి ఇస్తే రిపోర్టు శుభ్రంగా వచ్చింది. కోసిన రాగి ముక్క ఒకటి ప్లంబర్ నాకు చూపించాడు. బయట ఎరుపు, లోపల నీలిపచ్చ బూడిద.

"మీరు మేడ మీద వాల్వు ఇక తిప్పుకోవచ్చు దీదీ, దీనికి వాన నీళ్ళతో గొడవ లేదు," అన్నాడు.

తిప్పాను. మర్నాడు పొద్దున్న అయిదింటికి లేచి కుళాయి కాసేపు వదిలి, నీళ్ళు మరిగించి, చల్లార్చి, పాలు కలిపాను. పాప మా అమ్మాయి ఒళ్ళో ఉంది. సీసా పట్టబోతే మా అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. సీసా నా చేతిలోంచి తీసుకుని, మూత విప్పి, ముందు తానొక గుక్క తాగింది. నోట్లోనే కాసేపు ఉంచుకుని మింగింది. అప్పుడు మూత బిగించి పాపకి తనే పట్టింది.

నా వైపు చూడలేదు. ఇప్పటికీ రోజూ అలాగే చేస్తుంది.